మగ్గాల షెడ్డుకు డిజైన్ స్టేట్‌మెంట్: 500 మాటల్లో ఏం చెప్పాలి?

“అక్కా, నేను హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ నాలుగో సంవత్సరం చదువుతున్నా. మాది చౌటుప్పల్ దిక్కు. ఒక విద్యార్థుల పోటీకి పుట్టపాకలో 12 గుంట మగ్గాల ఉమ్మడి షెడ్డు డిజైన్ చేసిన. షీట్లు దాదాపు అయిపోయినయ్. కాన్సెప్ట్, సైట్‌కు తగ్గట్టు ఏం చేసిన, ఏ మెటీరియల్స్ వాడిన అని 500 మాటల్లో ఇంగ్లిష్‌లో స్టేట్‌మెంట్ ఇవ్వాలె. నేను రాసింది చదివి మా సార్ ‘ఇది ఏ ఊరి షెడ్డుకైనా సరిపోతది’ అన్నరు. డ్రాఫ్టు, సైట్ నోట్సు, ప్లాను పంపుతున్నా. ఎక్కడ తప్పుతున్ననో చెప్పు.”
– ఒక విద్యార్థిని

చెల్లె, నీ డ్రాఫ్టు కన్నా నీ సైట్ నోట్సు చాలా బాగుంది. స్టేట్‌మెంట్‌కు కావలసిందంతా అందులోనే ఉంది. డ్రాఫ్టు రాసేటప్పుడు దాన్ని పక్కన పెట్టేసి, సెమినార్‌లో వినే మాటలు రాసుకుంటూ పోయావు. మొదటి పేరా మొత్తం చేనేత ఘనత గురించే. ఆ 110 మాటలూ తీసెయ్. జ్యూరీలో కూర్చున్నవాళ్ళకు చేనేత గొప్పదని తెలుసు. నీ షెడ్డు ఎందుకు అలా ఉందో మాత్రం తెలియదు. వాళ్ళు ముందు షీటు చూస్తారు, ఏదైనా గీత ఎందుకు అక్కడుందో అర్థం కానప్పుడు స్టేట్‌మెంట్ వైపు తిరుగుతారు. అక్కడ జవాబు దొరకాలి.

ఇక కాన్సెప్టు. “పడుగు పేకల అల్లికే ఈ భవన రూపానికి ప్రేరణ” అని రాశావు. చేనేత మీద పోటీ అనగానే ఈ వాక్యం చాలా ఎంట్రీల్లో కనిపిస్తుంది. అందరూ రాస్తారన్నది అలా ఉంచు, అసలు ఇబ్బంది వేరే ఉంది. ఆ వాక్యాన్ని చేత్తో మూసి నీ ప్లాను చూడు. ఒక్క గోడైనా జరగాలా? ఒక్క తలుపైనా మారాలా? ఏమీ మారదు. నిలువు గోడలూ అడ్డ గోడలూ ఉన్న ప్రతి ప్లానూ అల్లికలాగే కనిపిస్తుంది. తీసేస్తే ప్లానులో ఏదీ కదలకపోతే అది అలంకారమే. జ్యూరీ ఈ తేడాను వెంటనే పడుతుంది.

నీ ప్లానులో నిజమైన కాన్సెప్టు ఉంది, దానికి నువ్వు పేరు పెట్టలేదు, అంతే. నోట్సు మూడో పేజీలో ఇలా రాసుకున్నావు: పడుగు చాపి గంజి పట్టించడానికి వీధిలో తప్ప బారు చోటు లేదు. 70 అడుగులు కావాలి. బండ్ల రాకపోకలు మొదలయ్యే లోపు ముగించాలి. వాన మొదలైతే చుట్టేసుకుని ఇంట్లోకి పోవాలి. ఆ తర్వాత ప్లాను గీసేటప్పుడు మగ్గాల వరుసకు దక్షిణం పక్కన 96 అడుగుల వసారా పెట్టావు. ఆ వసారా ఎందుకు వచ్చిందో నీకు తెలుసు, నీ డ్రాఫ్టుకు తెలియదు. అందులో అది “సామాజిక కలయికకు వేదిక” అయిపోయింది. కూర్చుని మాట్లాడుకుంటారు, నిజమే. కానీ దాని పొడవు 96 అడుగులు కావడానికి కారణం మాటలు కాదు, పడుగు.

కాబట్టి స్టేట్‌మెంట్ ఇలా మొదలు కావచ్చు:

“పుట్టపాకలో పడుగు చాపడానికి ఉన్న బారు చోటు వీధి ఒక్కటే. అక్కడ పని బండ్లు తిరిగే లోపు ముగియాలి, వాన పడితే ఆగాలి. ఈ షెడ్డు ఆ వీధి పొడవును కప్పు కిందికి తెస్తుంది: 96 అడుగుల వసారా, దాని వెంట 12 మగ్గాలు, మగ్గానికి ఒక అంకణం. పడుగు సిద్ధమైన చోటు నుంచి మగ్గం మీదికి పది అడుగుల్లో చేరుతుంది (షీట్ 2, ప్లాను).”

ఇందులో ప్రేరణ అన్న మాట లేదు, తాత్త్వికత లేదు. అయినా ఇది చదివినవాళ్ళు వెంటనే షీట్ 2 వైపు చూస్తారు. ఇప్పుడు ఈ నాలుగు వాక్యాలనూ నీ ప్లాను మీద పెట్టి చూడు, ఒక చిక్కు బయటపడుతుంది. స్థలం పడమర నుంచి తూర్పుకు రెండు అడుగులు వాలుతుందని, వసారాలో ఆరో అంకణం తర్వాత మెట్లు పెట్టి ఆ వాలును సర్దావు. అంటే నీ వసారా 96 అడుగులు కాదు, 48 అడుగుల ముక్కలు రెండు. 70 అడుగుల పడుగు ఏ ముక్కలోనూ పట్టదు. స్టేట్‌మెంటు చివరి రాత్రి రాయొద్దని నేను అనేది ఇందుకే. డ్రాయింగు తనకు తాను ఎదురు చెప్తుంటే గీసినవాళ్ళ కంటికి ఆనదు, వాక్యంగా రాస్తే దొరుకుతుంది. మెట్లు తీసేసి వసారా అంతా ఒకే మట్టంలో ఉంచు. పడమటి కొసన బేస్‌మెంట్ నేల మీద రెండున్నర అడుగులు ఉంటే, తూర్పు కొసన నాలుగున్నర అవుతుంది. రాతి కట్టు కొంత పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ఆ మాట స్టేట్‌మెంట్‌లో ఒక వాక్యంలో ఒప్పుకో: “వాలును మెట్లతో సర్దకుండా బేస్‌మెంట్ ఎత్తుతో సర్దాం, ఎందుకంటే పడుగుకు తెగని మట్టం కావాలి.” ఏది వదులుకుని ఏది తీసుకున్నావో చెప్పే వాక్యం జ్యూరీకి చాలా పనికొస్తుంది.

సైట్ గురించి నువ్వు రాసిన భాగం నాకు ఎక్కువ బెంగ పెట్టింది. “స్థానిక వాతావరణానికి అనుగుణంగా ఉత్తర కాంతి, క్రాస్ వెంటిలేషన్ కల్పించాం” – ఇంతే. ఈ రెండు మాటలూ పుట్టపాకలో నువ్వనుకున్నట్టు పనిచేయవు.

ఉత్తర కాంతి సంగతి ముందు చూద్దాం. ఉత్తరం కిటికీలోంచి ఎండ నేరుగా రాదు అన్న సూత్రం మనకన్నా బాగా ఉత్తరాన ఉన్న దేశాల పుస్తకాల నుంచి వచ్చింది. మనం దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నాం. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం వైపే ఉంటాడు. జూన్ 21న సూర్యోదయం తూర్పుకు పాతిక డిగ్రీలు ఉత్తరంగా జరిగి ఉంటుంది. అంటే ఆ రోజుల్లో పొద్దున్నే ఏటవాలు ఎండ నీ ఉత్తరం కిటికీల్లోంచి నేరుగా మగ్గం మీద పడుతుంది. చిటికి కట్టి, అంటే ముడులేసి రంగులద్దిన నూలు మీద రంగుల అంచు కలిసిందో లేదో చూస్తూ నేసేవాళ్ళకు ఆ వెలుగూ నీడల చారలు పెద్ద అడ్డంకి. నువ్వు గీసిన నీడల సెక్షన్ డిసెంబరు మధ్యాహ్నానిది. ఆ వేళ ఉత్తరం గోడకు ఎండ ఎలాగూ తగలదు, కాబట్టి అది ఏదీ నిరూపించదు. జూన్ 21 పొద్దున 8 గంటలకు గీయి.

దీనికి విరుగుడు కష్టమేం కాదు. కిటికీ వెడల్పు మూడు అడుగులైతే, రెండు పక్కలా గోడ నుంచి ఒకటిన్నర అడుగు బయటికి నిలువు బండ నిలబెడితే ఆ ఏటవాలు ఎండ ఆగిపోతుంది. పైనుంచి వచ్చే ఎండకు అరడుగు చూరు చాలు, ఎందుకంటే జూన్ మధ్యాహ్నం సూర్యుడు 83 డిగ్రీలకు పైన, దాదాపు నడినెత్తిన ఉంటాడు. నువ్వు ఉత్తరం పక్క రెండున్నర అడుగుల సన్‌షేడ్ గీశావు, పక్క బండలు మరిచావు. అంటే వెలుగును అడ్డుకున్నావు, ఎండను వదిలేశావు. దక్షిణం పక్క మాత్రం నీ లెక్క సరిపోయింది: చూరు ఎనిమిది అడుగుల ఎత్తున ఉంటే డిసెంబరు 21 మధ్యాహ్నం ఎండ వసారా గచ్చు మీద ఏడు అడుగుల లోపే ఆగుతుంది, ఎనిమిది అడుగుల వెడల్పున్న వసారాలో గోడ దాకా రాదు. ఆ లెక్క డ్రాయింగు మీద రాసుకున్నావు కానీ స్టేట్‌మెంట్‌లో ఎక్కడా లేదు. తెచ్చి పెట్టు.

కిటికీ గడప ఎత్తు కూడా చూడు. మామూలు ఇంటి కిటికీలాగా మూడు అడుగులు పెట్టావు. గుంట మగ్గం దగ్గర మనిషి కాళ్ళు గుంటలో వేసి నేల మట్టాన కూర్చుంటారు. కన్ను గచ్చుకు రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది, బట్ట ఇంకా కింద. మూడు అడుగుల గడప పెడితే వెలుగంతా తల మీదుగా పోయి వెనక గోడ మీద పడుతుంది. గడపను ఒక అడుగుకు దించు. “కూర్చుని నేసే మనిషి కంటి ఎత్తుకు కిటికీని దించాం” అన్న ఒక్క వాక్యం చాలు, మగ్గం దగ్గర కూర్చుని కొలిచిన మనిషి రాసిందని తెలిసిపోతుంది.

క్రాస్ వెంటిలేషన్ గురించి నీ నోట్సే నిన్ను తప్పు పడుతోంది. ఒక పెద్దాయన నీతో అన్న మాట రాసుకున్నావు: “ఎండకాలం గాలి తగిల్తె పోగు తెగుతది బిడ్డా, అందుకె తలుపు దగ్గరేస్తం.” పొడిగాలి నూలులోని తేమను లాగేస్తుంది, తేమ పోయిన పోగు పెళుసై తెగుతుంది. గుంటలోంచి వచ్చే నేల చల్లదనం పోగుకు మంచిదని నేసేవాళ్ళు చెప్పేదీ ఇందుకే. మరి 12 మగ్గాల మీదుగా ఇటునుంచి అటు గాలి తోలించే షెడ్డు వాళ్ళకెందుకు? మనుషులకు ఉక్క పోయకూడదు, పోగుకు గాలి తగలకూడదు, ఈ రెండూ ఒకేచోట కావాలి. నీ సెక్షన్‌లో దీనికి జవాబు సగం ఉంది: కొప్పు కింద బారుగా వదిలిన సందు. వేడిగాలి పైకి లేచి అక్కడినుంచి పోతుంది. కింది కిటికీలకు చెక్క రెక్కలు రెండు భాగాలుగా పెట్టు. పొడిగాలి వీచే ఏప్రిల్, మే నెలల్లో కింది రెక్క మూసి పైది తెరుచుకుంటారు, వానకాలం గాలిలో తేమ ఉంటుంది కాబట్టి రెండూ తెరుస్తారు. అప్పుడు ఆ పేరాలో ఇలా రాయి: “గాలి మగ్గాల మీదుగా కాకుండా పైనుంచి కదులుతుంది. పొడిగాలికి పోగు తెగుతుందని నేసేవాళ్ళు చెప్పారు, కిటికీ రెక్కలను అందుకే రెండుగా విడదీశాం (షీట్ 3, సెక్షన్).” ఆ పెద్దాయన మాటకు చోటుంటే యథాతథంగా పెట్టు, పేరు మాత్రం వద్దు.

రంగులద్దే చోటును పల్లం వైపు, మగ్గాలకు దూరంగా పెట్టావు. సరైన పనే, ఒక వాక్యం చాలు. నీళ్ళు ఇంకే గుంత ఎక్కడుందో షీటు మీద చూపించు.

ఇక మెటీరియల్స్. “స్థానికంగా దొరికే పర్యావరణహితమైన మట్టి దిమ్మెలు, రాయి, వెదురు” అని రాశావు. ఇందులో వెదురు నీ రెండర్‌లో అందంగా ఉంది కానీ నోట్సులో ఎక్కడా లేదు. ఎక్కడినుంచి వస్తుందో, ఎవరు కడతారో నువ్వు చెప్పలేకపోతే అది తీసెయ్. మట్టి దిమ్మెల మాట ఇంకా కష్టం. తవ్విన మట్టితోనే దిమ్మెలు చేస్తామన్నావు. నీ నోట్సు ప్రకారం ఆ స్థలంలో పైన రెండడుగులు నల్లరేగడి, కింద మొరం. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది, దాన్నలాగే అచ్చు కొడితే దిమ్మె కూడా అలాగే పగులుతుంది. దిమ్మెలకు ఇసుక పాలు ఎక్కువున్న చెల్క మట్టి కావాలి, దానికి 5 నుంచి 8 శాతం సిమెంటు కలిపి మిషన్‌లో ఒత్తి మూడు నాలుగు వారాలు తడపాలి. నమ్మకం కుదరకపోతే ఒక గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్ళు నింపి, బాగా కుదిపి ఒకరోజు కదపకుండా పెట్టు. ఇసుక నిమిషంలోపే అడుగున దిగుతుంది, దాని మీద ఒండ్రు, అన్నిటికన్నా పైన బంక. మూడు పొరల మందం స్కేలుతో కొలిస్తే బంక పాలెంతో తెలుస్తుంది. ఆ ఫోటో షీటు మూలన అంగుళమంత పెట్టినా సరే, “స్థానిక మట్టి” అన్న మాటకు ఆధారం దొరుకుతుంది. నా సలహా మాత్రం ఈ షెడ్డులో దిమ్మెలు వదిలెయ్యమని. తవ్వినప్పుడు వచ్చే మొరానికి ఇంతకన్నా మంచి పని ఉంది: ఎత్తు పెంచిన బేస్‌మెంట్ నింపడం. రెండడుగుల లోతు మగ్గం గుంట ఆ మొరంలోనే వస్తుంది, దాని అడుగు కూడా బయటి నేల కన్నా అరడుగు పైనే ఉంటుంది, వానకాలం గుంటలో నీళ్ళు ఊరవు. రేగడిని పూర్తిగా తీసి బయట పోయాలి, బేస్‌మెంట్ కింద వదలకూడదు.

గోడలకు మీ దిక్కు రాయి ఉంది. నల్లగొండ ప్రాంతంలో చాలా చోట్ల గ్రానైటు గుట్టలే. పొలాల గెట్ల మీద పాతే కడీలు చూసే పెరిగావు, పైన చెప్పిన కిటికీ పక్క బండలకు ఆ కడీలు చీల్చే పనివాళ్ళే సరిపోతారు. “రాయి స్థానికం” అని ఆగిపోకు, ఇక్కడ అది చేసే పని చెప్పు. ఒకటిన్నర అడుగు రాతిగోడలో పగటి వేడి లోపలికి దిగేసరికి రాత్రవుతుంది. మనుషులు పడుకునే ఇంట్లో అది ఇబ్బందే, గోడ రాత్రంతా వేడిని వదులుతుంది. నీ షెడ్డు సాయంత్రానికి ఖాళీ అవుతుంది, కాబట్టి అదే గుణం ఇక్కడ కలిసొస్తుంది. ఈ కారణం నీ డిజైన్‌కే చెల్లుతుంది, పక్క ఎంట్రీలో రాసినా కుదరదు. కప్పు సంగతి వేరు, వేడి ఎక్కువగా దిగేది అక్కడినుంచే. నువ్వు బంగ్లా పెంకు పెట్టి కింద ఏమీ లేకుండా వదిలావు. పెంకు కింద పలక వేసి, రెండిటి మధ్య గాలి ఆడే సందు గీసి, అది కొప్పు సందులోకి తెరుచుకునేలా చూపిస్తే కప్పూ గాలీ ఒకే వివరంలో కలుస్తాయి.

రాతిగోడను కట్టిపడేసేందుకు లింటెల్ మట్టంలో ఆర్‌సీసీ బ్యాండ్ గీసి, దాని గురించి స్టేట్‌మెంట్‌లో నోరెత్తలేదు. దాచకు. “ఆర్‌సీసీని లింటెల్ బ్యాండ్‌కు మాత్రమే వాడాం” అని రాయి. సిమెంటు వాడినందుకు ఎవరూ మార్కులు తీయరు, సెక్షన్‌లో కనిపించేది మాటల్లో లేకపోతే తక్కిన మాటల మీద కూడా నమ్మకం పోతుంది.

మొత్తం 500 మాటలను ఇలా పంచుకో: కాన్సెప్టుకు 80 దాటకు, సైటుకు 220 దాకా, మెటీరియల్స్‌కు 150, మిగిలినవి షెడ్డు ఎవరి చేతిలో నడుస్తుందో, మరమ్మతు ఎవరు చేస్తారో చెప్పడానికి. మూడు వేరు వేరు వ్యాసాల్లా రాయకు. వసారా దగ్గర మొదలుపెట్టి, వెలుగు, గాలి, గోడ, కప్పు అని షెడ్డు లోపలికి నడుస్తూ పోతే శీర్షికలు లేకున్నా తెలుస్తుంది. నిబంధనల్లో శీర్షికలు అడిగితే మాత్రం వాళ్ళిచ్చిన పేర్లే పెట్టు. ప్రతి పేరాలో కనీసం ఒకచోట షీటు నంబరు ఉండాలి. ముందు తెలుగులో, ఆ పెద్దాయనకు ప్లాను చూపిస్తూ చెప్తున్నట్టు రాయి, తర్వాత ఇంగ్లిష్‌లోకి మార్చు. నేరుగా ఇంగ్లిష్‌లో కూర్చుంటే మళ్ళీ సెమినార్ మాటలే వస్తాయి, నీ డ్రాఫ్టులో జరిగింది అదే.

పంపే ముందు ఇంకొకటి. ఇలాంటి పోటీల్లో ఎంట్రీ మీద పేరు గానీ కాలేజీ గానీ కనిపిస్తే తీసి పక్కన పెట్టే నిబంధన సాధారణంగా ఉంటుంది, రిజిస్ట్రేషన్ నంబరు మాత్రమే ఉండాలి. నీ డ్రాఫ్టు చివర “మా ఊరి పక్కనే ఉన్న పుట్టపాక” అని, కృతజ్ఞతల్లో మీ గైడ్ పేరు అని రెండూ ఉన్నాయి. రెండూ తీసెయ్. పీడీఎఫ్ తెరిచి File మెనూలో Properties కూడా చూడు, అక్కడ Author దగ్గర నీ లాప్‌టాప్ పెట్టిన పేరు ఉండిపోతుంది. దాన్ని ఖాళీ చేసి, ఫైల్ పేరులో నంబరు ఒక్కటే ఉంచి పంపు.